వరద వస్తే అడ్వాన్సు ఎవరిది?

సప్లయర్ ఇచ్చే కాంట్రాక్టులో చివరి పేజీ దగ్గర, సంతకం పెట్టే తొందరలో ఎవరూ చదవని ఒక పేరా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒకే వాక్యం ఆరేడు వరుసలు సాగుతుంది. తెలుగులోకి దించితే దాదాపు ఇలా ఉంటుంది:

"దైవిక విపత్తులు, వరద, తుపాను, అగ్నిప్రమాదం, యుద్ధం, అల్లర్లు, సమ్మె, మహమ్మారి, ప్రభుత్వ ఉత్తర్వులు లేదా సరఫరాదారు సహేతుక నియంత్రణలో లేని మరే ఇతర కారణం చేతనైనా సరఫరాలో జాప్యం లేదా వైఫల్యం సంభవించినచో అందుకు సరఫరాదారు బాధ్యుడు కాడు. అట్టి పరిస్థితి తలెత్తిన ఏడు రోజులలోగా సరఫరాదారు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. సదరు పరిస్థితి తొంభై రోజులకు మించి కొనసాగినచో ఉభయ పక్షాలలో ఎవరైనను ఒప్పందాన్ని రద్దు చేసుకొనవచ్చును."

దీన్ని ఫోర్స్ మజ్యూర్ క్లాజు అంటారు. చిన్న వ్యాపారుల్లో చాలామంది దీనికి చెప్పుకునే అర్థం ఒక్క ముక్క: వరదొస్తే ఎవరి తప్పూ లేదు, ఎవరి నష్టం వాళ్లదే. సప్లయర్ కూడా ఫోన్లో ఇదే మాట అంటాడు. ఆ మాట నమ్మి ఊరుకున్నవాళ్లు తిరిగి రావాల్సిన డబ్బు వదులుకుంటున్నారు. పై మూడు వాక్యాల్లో సప్లయర్‌కి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది అడగ్గానే వచ్చేది కాదు. దాని ముందు కొన్ని గడపలు ఉన్నాయి, ఒక్కొక్కటీ దాటానని చూపించాల్సింది సప్లయరే. సరుకు కొనేవాళ్ల వైపు నుంచి ఆ గడపలేమిటో ఇక్కడ చెప్పుకుందాం.

ఒక లెక్క పెట్టుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మనుషులూ డబ్బు లెక్కలూ కల్పితం, వరద మాత్రం నిజం. రాజమహేంద్రవరంలో ఒకావిడ స్వీట్ షాపు నడుపుతున్నారు. 2024 దసరా, దీపావళి కోసం కిలో స్వీటు పట్టే అట్టపెట్టెలు 20,000 కావాలని, విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌కి జులై 25న ఆర్డరిచ్చారు. డూప్లెక్స్ బోర్డు మీద నాలుగు రంగుల ప్రింటింగ్, షాపు పేరు, పంచింగ్, పేస్టింగ్ అన్నీ కలిపి పెట్టె రూ.14. మొత్తం రూ.2,80,000. సగం, అంటే రూ.1,40,000 అడ్వాన్సు కట్టారు. దసరాకి 10,000 పెట్టెలు సెప్టెంబరు 25కి, దీపావళికి మిగతా 10,000 అక్టోబరు 15కి అందాలి. డిజైన్‌ని ఆగస్టు 5న ఆవిడ ఓకే చేశారు. కాంట్రాక్టులో క్లాజు పైన రాసినదే.

సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ని, చుట్టుపక్కల పేటల్ని ముంచేసింది. కొన్ని చోట్ల నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగాయి. రాజమహేంద్రవరంలో ఆవిడ ఇదంతా టీవీలో చూశారు. ప్రెస్ ఆయన్ని ఇలాంటప్పుడు పెట్టెల గురించి అడగడం బాగుండదని ఊరుకున్నారు. సెప్టెంబరు 20న వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: "మేడమ్, వరదకి మొత్తం పోయిందండి. పెట్టెలు ఇవ్వలేను. కాంట్రాక్టులో ఉందిగా, మన చేతుల్లో ఏమీ లేదు." దసరా అక్టోబరు 12. ఆవిడ పరుగెత్తుకెళ్లి వేరే ప్రెస్‌లో 10,000 పెట్టెలు పెట్టె రూ.19కి చేయించుకున్నారు. అదనంగా అయిన ఖర్చు రూ.50,000. అడ్వాన్సు రూ.1,40,000 ప్రెస్ ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఆవిడకి ఏం రావాలి?

క్లాజు లేకపోతే చట్టం ఏమంటుంది

ముందు, ఆ పేరా అసలు ఎందుకు రాస్తారో చూడాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 56వ సెక్షన్ ఒకటుంది. ఒప్పందం చేసుకున్న తర్వాత ఆ పని చేయడం అసాధ్యమైతే, లేదా చట్టవిరుద్ధమైతే, ఒప్పందం చెల్లకుండా పోతుందని అది చెబుతుంది. ఇక్కడ అసాధ్యం అంటే కష్టమని కాదు. ఒప్పందానికి పునాదే కూలిపోవాలి. కలకత్తాలో ఇళ్ల స్థలాల లేఅవుట్ వేసిన కంపెనీ ఒకటి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం ఆ భూమిని తాత్కాలికంగా తీసుకోవడంతో ఒప్పందం ముగిసిపోయిందని వాదించింది. ఆ కేసు సత్యబ్రత ఘోష్ పేరుతో 1954 నాటి తీర్పుల సంపుటాల్లోకెక్కింది. సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పని ఆలస్యమవుతుందే తప్ప ఒప్పందం చచ్చిపోలేదని తేల్చింది.

అంటే 56వ సెక్షన్‌తో రెండే దారులు: ఒప్పందం బతికే ఉందని పని చేయాలి, లేదా పూర్తిగా పోయిందని వదిలేయాలి. మధ్యలో "ఒక నెల ఆగండి" అనే వీలు అందులో లేదు. ఆ వీలు కోసమే ఫోర్స్ మజ్యూర్ క్లాజు రాసుకుంటారు. కాంట్రాక్టులో ఇలాంటి క్లాజు ఉన్నప్పుడు ఆ సంగతి దాని ప్రకారమే తేలాలని, దాన్ని బిగించి చదవాలే తప్ప సాగదీసి చదవకూడదని 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాళ్లకి దీనివల్ల ఒక మేలు, ఒక కీడు. క్లాజులో రాయని మినహాయింపుని దాని పేరు చెప్పి సప్లయర్ అడగలేడు. రాసేసిన మినహాయింపుని తర్వాత మనం కాదనలేం.

వరదకీ మన సరుకుకీ లంకె

విజయవాడలో వరద వచ్చిందని నిరూపించడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు. పేపర్లన్నీ రాశాయి. సప్లయర్ చూపించాల్సింది వేరే సంగతి: ఆ వరద వల్లే ఈ పెట్టెలు ఆగాయని. అసలు తగాదా అంతా ఇక్కడే ఉంటుంది, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

ప్రెస్ సింగ్‌నగర్‌లోనే ఉంది, ఆఫ్‌సెట్ మెషీను మోటార్లలోకి నీళ్లు వెళ్లాయి, గోడౌన్‌లో డూప్లెక్స్ బోర్డు కట్టలన్నీ నానిపోయాయి అనుకోండి. లంకె గట్టిగా ఉంది. మెషీను రిపేరు బిల్లు, ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టు, నీళ్లలో ఉన్న సరుకు ఫొటోలు ఆయన చూపించగలడు. క్లాజు ఆయన్ని కాపాడుతుంది, కాపాడాలి కూడా. ఇల్లూ వ్యాపారమూ మునిగిన మనిషి మీద జరిమానా వేయడం న్యాయం కాదు.

ప్రెస్ నీళ్లు రాని పేటలో ఉంది, కానీ పనివాళ్ల ఇళ్లు మునిగాయి అనుకోండి. పనివాళ్లు రాలేకపోయిన వారం, పది రోజుల వరకు మినహాయింపు అడగవచ్చు. సెప్టెంబరు నెలాఖరు దాకా అడగడం కుదరదు. బోర్డు హైదరాబాద్ నుంచి రావాలి, రహదారి మూసేశారు అన్నా ఇంతే. రోడ్డు ఎన్నాళ్లు మూసి ఉందో అన్నాళ్లే. రోడ్డు తెరిచాక బోర్డు తెప్పించుకోకుండా కూర్చుంటే ఆ ఆలస్యం వరద ఖాతాలోకి రాదు.

మూడోది ఎక్కువగా జరిగేది, తక్కువగా పట్టుబడేది. డిజైన్ ఆగస్టు 5న ఓకే అయింది. ఆగస్టు 20 కల్లా ప్రింటింగ్ అయిపోతుందని ప్రెస్ ఆయన చెప్పాడు. కానీ వేరే పెద్ద ఆర్డరు మీద పడి మన పని మొదలే పెట్టలేదు. ఆగస్టు 31 నాటికే వెనకబడి ఉన్నాడు, మర్నాడు వరద వచ్చింది. 2020లో కరోనా లాక్‌డౌన్ సాకు చూపించిన ఒక కాంట్రాక్టర్‌కి, హాలిబర్టన్–వేదాంత కేసులో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి సందర్భంలోనే కాదంది. ఆ కాంట్రాక్టర్ 2019 సెప్టెంబరు నుంచే గడువులు తప్పుతున్నాడు. 2020 మార్చిలో వచ్చిన లాక్‌డౌన్ పాత వైఫల్యాన్ని మాఫీ చేయదని కోర్టు స్పష్టంగా చెప్పింది.

కాబట్టి సప్లయర్ మెసేజ్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆగస్టు 31 సాయంత్రానికి నా పని ఎంతవరకు వచ్చింది? బోర్డు ఏ తేదీన కొన్నారు, ప్లేట్లు ఎప్పుడు చేయించారు, ఎన్ని షీట్లు ప్రింటయ్యాయి? బోర్డు కొన్న ఇన్‌వాయిస్ మీద తేదీ ఉంటుంది. ప్లేట్లు బయట చేయించి ఉంటే ఆ బిల్లు మీదా ఉంటుంది. నిజంగా పోగొట్టుకున్న మనిషి ఇవి చూపించడానికి వెనకాడడు. జవాబు "వరద తెలుసుగా అండీ" దగ్గరే తిరుగుతుంటే లంకె లేదని అనుమానించాలి.

అయితే ఇదే తూకం మనకీ వర్తిస్తుంది. ఆవిడ డిజైన్‌ని ఆగస్టు 5న కాకుండా 29న ఓకే చేసి ఉంటే, పని వెనకబడటానికి కారణం ఆవిడే అవుతారు. డిజైన్ ఓకే చెప్పిన మెసేజ్‌ని చాలామంది ఫోన్‌లో చోటు కోసం చెరిపేస్తుంటారు. తగాదా వచ్చినప్పుడు ఆ ఒక్క మెసేజే సాక్ష్యం.

ఇంకో సంగతి కూడా అడగాలి. ప్రెస్‌లో కొంత సరుకు మిగిలితే అది ఎవరికి వెళ్లింది? పై అంతస్తులో ఉన్న బోర్డు తడవలేదు, దానితో 6,000 పెట్టెలు చేసి పాత పెద్ద ఖాతాదారుకి పంపేశాడు, మనకి మాత్రం వరద కబురు చెప్పాడు. ఇది జరగకూడదంటే, మిగిలిన సరుకుని ఆర్డర్ల పరిమాణం ప్రకారం అందరికీ పంచాలని క్లాజులో ముందే రాసుకోవాలి. రాయకపోతే చిన్న ఖాతాదారు ఎప్పుడూ ఆఖర్నే ఉంటాడు.

రేటు పెరగడం విపత్తు కాదు

వరద తర్వాత బోర్డు ధర పెరిగిందని, పాత రేటుకి గిట్టదని, అందుకే ఫోర్స్ మజ్యూర్ కింద ఆర్డరు రద్దు అని కొందరు సప్లయర్లు అంటారు. ఈ వాదనకి మన దేశంలో చాలా పాత జవాబు ఉంది. అలోపీ పర్షాద్ అనే సంస్థ 1937లో సైన్యానికి నెయ్యి సమకూర్చే ఒప్పందం చేసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంతో పరిస్థితులన్నీ మారిపోయాయి, పాత రేట్లు గిట్టవు, ఎక్కువ ఇవ్వాలంది. 1960లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఊహించని విధంగా ధరలు పెరిగినంత మాత్రాన ఒప్పందం నుంచి బయటపడలేరని చెప్పింది. 2017 నాటి ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులోనూ ఇదే జరిగింది. ఇండోనేషియా బొగ్గు ధర పెరగడంతో విద్యుత్ కంపెనీలు ఫోర్స్ మజ్యూర్ అడిగాయి, కోర్టు ఇవ్వలేదు. యుద్ధకాలపు నెయ్యికీ విదేశీ బొగ్గుకీ దొరకని మినహాయింపు, కిలోకి నాలుగు రూపాయలు పెరిగిన అట్టకి దొరకదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. "ముడిసరుకు కొరత, ధరల్లో అసాధారణ పెరుగుదల" అనే మాటల్ని కొందరు సప్లయర్లు క్లాజులోనే ఇరికిస్తారు. అలా ఉన్న కాగితం మీద సంతకం పెడితే పై తీర్పులేవీ అక్కరకు రావు, ఎందుకంటే మనమే ఒప్పుకున్నాం. సంతకానికి ముందు కొట్టేయించాల్సిన మాటలు అవి.

సెప్టెంబరు 1కీ 20కీ మధ్య

మన కేసులో ఆవిడకి జరిగిన అసలు నష్టం వరద వల్ల కన్నా, మెసేజ్ ఆలస్యం వల్ల ఎక్కువ. సెప్టెంబరు 4న తెలిసి ఉంటే వేరే ప్రెస్ వెతుక్కోవడానికి మూడు వారాలు ఉండేవి. మూడు చోట్ల కొటేషన్లు తీసుకుని రూ.14కో రూ.15కో చేయించుకునేవారు. 20న తెలిసింది కాబట్టి రూ.19 పెట్టారు.

నోటీసు అనేది లాంఛనం కాదని చెప్పడానికి ఇదే కారణం. కరోనా మొదలైనప్పుడు, 2020 ఫిబ్రవరి 19న, కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ కొనుగోళ్ల విషయంలో ఒక మెమోరాండం ఇచ్చింది. వైరస్ వల్ల సరుకు రాక ఆగితే దాన్ని ప్రకృతి విపత్తుగా పరిగణించి ఫోర్స్ మజ్యూర్ క్లాజు వాడవచ్చని అందులో ఉంది. అయితే పరిస్థితి తలెత్తిన వెంటనే నోటీసు ఇవ్వాలని, అంతా అయిపోయాక వెనక తేదీ నుంచి అడగకూడదని కూడా అందులోనే ఉంది. ప్రభుత్వమే తన సప్లయర్ల దగ్గర పెట్టుకున్న నియమం, మనం పెట్టుకుంటే తప్పేమీ లేదు.

మన క్లాజులో ఏడు రోజుల గడువు ఉంది. అంటే సెప్టెంబరు 8. ప్రెస్ ఆయన పన్నెండు రోజులు ఆలస్యం చేశాడు. దీనితో ఆయన మినహాయింపు మొత్తం పోతుందా? ఇక్కడ క్లాజు మాటలు ముఖ్యం. "ఏడు రోజులలోగా తెలియజేయవలెను" అని మాత్రమే ఉంటే ఆయన వాదించుకోవడానికి చోటుంది: ఊరంతా మునిగిన రోజుల్లో ఫోను లేదు, కరెంటు లేదు అంటాడు, కొంతవరకు అది నిజం కూడా. "తెలియజేయనిచో ఈ మినహాయింపు వర్తించదు" అనే వాక్యం తోడై ఉంటే ఆయన చోటు బాగా తగ్గిపోతుంది. ఆ చిన్న వాక్యం విలువ ఈ కేసులో రూ.50,000 దాకా ఉంది.

ఆ రూ.50,000 లెక్క కూడా చట్టంలో ఉన్నదే. మాట తప్పినవాడు ఇవ్వాల్సిన పరిహారం గురించి 73వ సెక్షన్ చెబుతుంది. దాని కింద ఉదాహరణగా సురేకారం బేరం ఒకటి ఇచ్చారు: ఒకడు 50 మణుగుల సురేకారం ఫలానా ధరకి ఇస్తానని ఒప్పుకుని ఇవ్వకపోతే, అదే రకం సురేకారం బయట దొరికే ధరకీ ఒప్పుకున్న ధరకీ తేడా ఇవ్వాలి. పెట్టెకి రూ.5 చొప్పున 10,000 పెట్టెలకి ఆవిడ అడగగలిగింది అదే. కాకపోతే మినహాయింపు నిలవకపోతేనే ఈ లెక్క పనికొస్తుంది. వరద మినహాయింపు నిలిస్తే మాట తప్పినట్టే కాదు, అప్పుడు ఆ తేడా ఆవిడే భరించాలి.

ఆవిడ వైపు పొరపాటు కూడా ఒకటి ఉంది. టీవీలో వరద చూసి మొహమాటపడి ఊరుకోవడం. సెప్టెంబరు 3న రెండు వాక్యాల మెసేజ్ సరిపోయేది: "మీరంతా క్షేమంగా ఉన్నారా? మా పెట్టెల పరిస్థితి ఏమిటో, 25కి అందుతాయో లేదో వీలైనంత త్వరగా చెప్పండి." కష్టంలో ఉన్న మనిషిని పలకరించినట్టూ ఉంటుంది, మనం అడిగినట్టు రుజువూ ఉంటుంది. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేశామా లేదా అని 73వ సెక్షన్ కింద కోర్టు మనల్నీ చూస్తుంది.

ఆగిందా, పోయిందా

క్లాజు నిలిచినా, అది చేసేది వాయిదా మాత్రమే. నీళ్లు తీసి, మెషీను బాగై, సెప్టెంబరు 22న ప్రెస్ మళ్లీ తిరగడం మొదలైతే, అక్టోబరు 15న ఇవ్వాల్సిన దీపావళి పెట్టెల బాధ్యత బతికే ఉంది. "కాంట్రాక్టే పోయిందండి" అనే మాట రెండో విడతకి చెల్లదు. ఆ 10,000 పెట్టెలు పాత రేటు రూ.14కే ఇవ్వాలి.

ఇక తొంభై రోజుల సంగతి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల మాన్యువల్‌లో కూడా 90 రోజులు దాటితేనే ఎవరైనా రద్దు చేసుకోవచ్చని ఉంది. పెద్ద యంత్రాలు, నెలల తరబడి సాగే సరఫరాలకి అది సరిపోతుంది. దసరా పెట్టెలకి? సెప్టెంబరు 1 నుంచి లెక్కేస్తే తొంభై రోజులు నవంబరు 30కి పూర్తవుతాయి. దసరా వెళ్లి, దీపావళి వెళ్లి, కార్తీకం చివరికొచ్చేదాకా ఆవిడ ఆర్డరు రద్దు చేయలేదు, అడ్వాన్సు అడగలేదు. సీజను వ్యాపారం చేసేవాళ్లు ఈ అంకెని దిద్దించకుండా సంతకం పెట్టకూడదని నేను గట్టిగా అంటాను. పెట్టెలకి పది రోజులు చాలు. మామిడికాయ సీజనులో జాడీలు కొనే పచ్చళ్ల వ్యాపారికి వారమే ఎక్కువ.

పాటగాడికిచ్చిన వెయ్యి రూపాయలు

అడ్వాన్సు మాటకి వద్దాం. మన క్లాజు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చాలా క్లాజులు చెప్పవు. "బాధ్యుడు కాడు" అనే మాటని చూపించి, అడ్వాన్సు కూడా వెనక్కి ఇవ్వక్కర్లేదని సప్లయర్ అంటాడు. బాధ్యత లేదన్నది ఆలస్యానికి, ఇవ్వలేకపోయినందుకు. చేయని పనికి తీసుకున్న డబ్బు ఉంచుకోమని ఆ మాటకి అర్థం కాదు.

కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ దీన్ని సూటిగా చెబుతుంది. ఒప్పందం చెల్లకుండా పోయినప్పుడు, దాని కింద ఎవరైనా పొందిన లాభాన్ని తిరిగి ఇచ్చేయాలి, లేదా దానికి పరిహారం ఇవ్వాలి. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ ఎంతో బాగుంటుంది. ఒక గాయకుడు కచేరీకి వెయ్యి రూపాయలు ముందే తీసుకున్నాడు. జబ్బు చేసి పాడలేకపోయాడు. కచేరీ జరిగి ఉంటే నిర్వాహకుడికి వచ్చే లాభాన్ని అతను ఇవ్వక్కర్లేదు. కానీ తీసుకున్న వెయ్యి మాత్రం తిరిగి ఇవ్వాలి.

దీన్ని పెట్టెల మీద పెట్టి చూడండి. ప్రెస్ నిజంగానే మునిగింది, నోటీసూ సకాలంలోనే ఇచ్చాడు అనుకుందాం. అప్పుడు దసరా వ్యాపారంలో తగ్గిన లాభం గానీ, అదనంగా పెట్టిన రూ.50,000 గానీ ఆవిడ అడగలేరు. పండగకి పనికిరాకుండా పోయిన మొదటి విడత రద్దయితే, దానికి కట్టిన రూ.70,000 తిరిగి ఇమ్మని మాత్రం అడగగలరు. మిగతా రూ.70,000 రెండో విడత లెక్కలో ఉంటుంది. ఒకవేళ ప్రెస్ ఆయన మినహాయింపే నిలవకపోతే, రూ.70,000తో పాటు ఆ రూ.50,000 కూడా అడగవచ్చు.

మరి బోర్డు అప్పటికే కొన్నాడు, ప్లేట్లు చేయించాడు, అవి నీళ్లలో పోయాయి. ఆ ఖర్చు? సప్లయర్ వైపు నుంచి ఇది న్యాయమైన ప్రశ్న. అడ్వాన్సులోంచి కొంత పట్టుకుంటానని అంటాడు. దీన్ని వరద వచ్చాక తేల్చుకోబోతే మాటా మాటా పెరుగుతుంది. మన పేరు ప్రింటై ఇంకెవరికీ పనికిరాని సరుకు ఖర్చుని బిల్లు చూపిస్తే సగం సగం భరిద్దామని ముందే రాసుకుంటే ఇద్దరికీ మేలు. ప్రింటు కాని బోర్డు ఆయన సరుకు, ఆ నష్టం ఆయనదే.

ఒకవైపే ఉన్న తలుపు

పైన ఇచ్చిన క్లాజుని ఇంకోసారి చూడండి. "సరఫరాదారు బాధ్యుడు కాడు" అని ఉంది. కొనేవాళ్ల మాటే లేదు. అదే వరద రాజమహేంద్రవరంలో వచ్చి ఆవిడ షాపు మునిగితే, పెట్టెలు తీసుకోవడానికి గానీ, డబ్బు కట్టడానికి గానీ గడువు అడిగే వీలు ఈ క్లాజులో లేదు. ఇది వట్టి భయం కాదు. 2020 ఏప్రిల్‌లో కొందరు ఉక్కు దిగుమతిదారులు, దక్షిణ కొరియా కంపెనీ నుంచి కొన్న ఉక్కుకి లాక్‌డౌన్ కారణంగా డబ్బు చెల్లించకుండా ఆపాలని బొంబాయి హైకోర్టుకి వెళ్లారు. సరుకు అప్పటికే కొరియా నుంచి బయల్దేరింది. ఫోర్స్ మజ్యూర్ క్లాజు అమ్మేవాళ్లకి మాత్రమే ఉందని, కొనేవాళ్లు దాన్ని వాడుకోలేరని కోర్టు చెప్పింది. వాళ్లు అడిగిన ఉపశమనం ఇవ్వలేదు.

"సరఫరాదారు" అన్నచోట "ఇరుపక్షాలలో ఎవరైనా" అని మార్పించడం చిన్న దిద్దుబాటు. అయితే అప్పటికే అందిన సరుకుకి డబ్బు కట్టడాన్ని ఇందులో కలపమని సప్లయర్‌ని అడగకూడదు. అతనూ చిన్నవాడే. అందిన పెట్టెలకి బిల్లు కట్టాల్సిందే.

ఇంతవరకు చెప్పుకున్నదంతా కాగితం మీద పెడితే, పర్చేజ్ ఆర్డర్ వెనక ఇలా రాసుకోవచ్చు. లాయరు ఒకసారి చూసి ఇంగ్లిష్‌లోకి మారిస్తే మరీ మంచిది, తెలుగులోనే ఉన్నా చెల్లుతుంది:

"వరద, తుపాను, అగ్నిప్రమాదం, మహమ్మారి, ప్రభుత్వ ఉత్తర్వు లాంటి, మన చేతిలో లేని సంఘటన వల్ల, ఎంత ప్రయత్నించినా పని ఆగిపోతే, అది ఆపినంత కాలం మాత్రమే ఆ పక్షానికి గడువు పొడిగింపు ఉంటుంది. ధరలు పెరగడం, డబ్బు లేకపోవడం, సంఘటనకి ముందే జరిగిన ఆలస్యం ఇందులోకి రావు. సంఘటన జరిగిన ఐదు రోజుల్లో వాట్సాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ, ఏం జరిగింది, ఆర్డరు ఎంతవరకు వచ్చింది, ఎప్పటికి ఇవ్వగలరు అనేది తెలపాలి. తెలపకపోతే తెలిపిన రోజు నుంచే పొడిగింపు. మిగిలిన సరుకుని ఖాతాదారులందరికీ ఆర్డర్ల నిష్పత్తిలో పంచాలి. ఈలోగా కొనుగోలుదారు వేరేచోట కొనుక్కోవచ్చు, ఆ మేరకు ఆర్డరు తగ్గుతుంది. డెలివరీ పది రోజులకి మించి ఆలస్యమైతే ఆ విడతని రద్దు చేయవచ్చు. రద్దైన విడత అడ్వాన్సు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. కొనుగోలుదారు పేరుతో ప్రింటైన సరుకు పోతే దాని ఖర్చు, బిల్లు చూపితే, చెరి సగం. అందిన సరుకు బిల్లు చెల్లింపుకి ఈ క్లాజు వర్తించదు."

"తెలిపిన రోజు నుంచే పొడిగింపు" అనేది కావాలనే పెట్టిన మెత్తని మాట. ఐదు రోజులు దాటితే మినహాయింపే లేదని రాస్తే కొనేవాళ్లకి ఇంకా బలం. కానీ నిజంగా మునిగిపోయిన చిన్న ప్రెస్ ఆయన ఫోను దొరక్క ఆరో రోజున మెసేజ్ పెడితే, అతను అన్నీ పోగొట్టుకోవడం సరైనది కాదనిపిస్తుంది. ఏళ్ల తరబడి కలిసి పనిచేసే సప్లయర్‌తో ఈ మెత్తని రూపమే నిలుస్తుంది. కొత్త సప్లయర్ దగ్గర గట్టి రూపం అడగండి.

మిగిలింది ఆవిడ ఖాతాదారులు. ఊళ్లో ఒక కంపెనీ తన ఉద్యోగులకి దసరా కానుకగా 800 కిలోల స్వీట్లు, పేరు ప్రింటైన పెట్టెల్లో, అక్టోబరు 9కి కావాలని ఆవిడకి ఆర్డరిచ్చి ఉంటే? ప్రెస్ ఆయనకి వరద మినహాయింపు ఉంది కదా అని, అది దానంతటదే ఆవిడకి బదిలీ కాదు. కంపెనీతో ఆవిడ ఒప్పందం వేరు. రాజమహేంద్రవరంలో ఆ వరద లేదు, నెయ్యి, పంచదార, పొయ్యి అన్నీ ఉన్నాయి, పెట్టెలు బయట దొరుకుతాయి. ఆవిడ ఇవ్వలేనంటే మాట తప్పినట్టే. అందుకే తాను ఖాతాదారుకిచ్చే కొటేషన్ మీద కూడా ఆవిడ ఒక వాక్యం చేర్చుకోవాలి: ప్రింటెడ్ పెట్టెలు అందకపోతే, అదే కొలత సాదా పెట్టెలో, షాపు స్టిక్కరుతో, పెట్టెకి ఇంత తగ్గించి స్వీట్లు అదే తేదీకి అందిస్తాం. ఎంత తగ్గించాలో ఆవిడకి తెలుసు.